గృహ రుణం తీసుకున్నందున నెలవారీ టీడీఎస్ సవరించాలని విన్నపం

హనుమకొండ,
09-09-2024.

మేనేజర్ గారికి,
జీతాల విభాగం,
మడికొండ కార్యాలయం.

విషయం: 2024-25 ఆర్థిక సంవత్సరానికి నా జీతంలో కోసే ఆదాయపు పన్నును గృహ రుణ వడ్డీ ప్రకారం తగ్గించడం గురించి.

అయ్యా,

నేను మన మడికొండ కార్యాలయం స్టోర్స్ విభాగంలో పనిచేస్తున్నాను. జూన్‌లో వడ్డేపల్లిలో కట్టడం పూర్తయిన ఒక ఫ్లాట్ కొని రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. ఇందుకోసం బ్యాంకులో 28,00,000 రూపాయల గృహ రుణం తీసుకున్నాను. వడ్డీ 8.75 శాతం, గడువు 20 ఏళ్లు, నెల వాయిదా 24,744 రూపాయలు. జులై నుంచి ప్రతి 5వ తేదీన నా జీతం ఖాతాలోంచే వాయిదా పోతోంది. శ్రావణంలో గృహప్రవేశం చేసుకుని, ఆగస్టు నెలాఖరుకు నయీంనగర్‌లోని అద్దె ఇల్లు ఖాళీ చేసి కుటుంబంతో సొంతింట్లోకి మారాం.

ఇల్లు కొనే ఆలోచన అప్పటికే ఉన్నందువల్ల ఏప్రిల్‌లో నేను పాత పన్ను విధానాన్నే ఎంచుకుని మీకు రాసిచ్చాను. అప్పుడు రుణం చేతికి రాలేదు కాబట్టి డిక్లరేషన్‌లో వడ్డీ చూపించలేదు. ఆ లెక్క ప్రకారం ఏడాది పన్ను 80,350 రూపాయలుగా తేలి, నెలకు 6,696 చొప్పున ఆగస్టు దాకా 33,480 రూపాయలు కోశారు.

ఇప్పుడు మారిన వివరాలు ఇవి. బ్యాంకు ఇచ్చిన ప్రొవిజనల్ సర్టిఫికెట్ ప్రకారం జులై నుంచి మార్చి వరకు కట్టే 9 వాయిదాల్లో వడ్డీ 1,82,594, అసలు 40,102. మేం ఉంటున్న ఇల్లే కనుక సెక్షన్ 24(బీ) కింద 2 లక్షల వరకు వడ్డీకి మినహాయింపు ఉంది. నా వడ్డీ ఆ పరిమితి దాటడం లేదు. 80సీ కింద పీఎఫ్, ఎల్‌ఐసీ కలిపి ఇంతకుముందు 88,800 చూపించాను. అసలు కలిపితే 1,28,902 అవుతుంది. మిగిలిన 21,098 కన్నా ఈ ఏడాది కట్టిన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులే చాలా ఎక్కువ కాబట్టి 1,50,000 పూర్తిగా నిండుతుంది.

నాకు లాభం తగ్గించే మార్పు కూడా ఒకటి ఉంది, దాన్నీ తప్పక లెక్కలోకి తీసుకోండి. అద్దె ఇల్లు వదిలేశాను గనుక సెప్టెంబరు నుంచి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు నాకు వర్తించదు. నెలకు 7,500 చొప్పున ఏడాదికి చూపిన 90,000 బదులు ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు 37,500 మాత్రమే ఉంచండి. ఆరోగ్య బీమా 25,000 అలాగే ఉంటుంది.

ఇవన్నీ కలిపి చూస్తే నా పన్ను ఆదాయం 6,32,510, సెస్‌తో సహా పన్ను 40,560 అవుతోంది. ఇప్పటికే కోసిన 33,480 పోగా మిగిలేది 7,080. అంటే సెప్టెంబరు నుంచి మార్చి దాకా నెలకు సుమారు 1,011 రూపాయలు కోస్తే సరిపోతుంది. కొత్త విధానంలోనైతే నా జీతానికి పన్ను 52,780 పడుతుంది కాబట్టి పాతదే కొనసాగించమని మనవి.

జనవరిలో ప్రూఫులు ఇచ్చేదాకా ఆగమని, లేదా రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోమని ఆఫీసులో కొందరు చెప్పారు. పాత లెక్కనే కోత సాగితే దాదాపు 39,790 రూపాయలు ఎక్కువ పోతుంది. ఆ డబ్బు కోసం వచ్చే ఏడాది రిటర్న్ వేసేదాకా ఎదురుచూడాలి. ఇటు వాయిదా మాత్రం ప్రతి 5వ తేదీన తప్పదు. పాప బడి ఫీజు రెండో టర్మ్ కూడా దసరా సెలవుల ముందే కట్టాలి. ఉద్యోగి చూపిన ఇంటి నష్టాన్ని లెక్కలోకి తీసుకోవడానికి సెక్షన్ 192(2బీ), ఏడాది మధ్యలో కోతను పెంచడానికో తగ్గించడానికో సెక్షన్ 192(3) వీలు కల్పిస్తున్నాయి. అందుకే ఇప్పుడే సవరించమని అడుగుతున్నాను.

రుణంలో నా భార్య సహ రుణగ్రహీత. ఆమెకు ఆదాయం లేదు, ఫ్లాటు నా ఒక్కడి పేరునే ఉంది, వాయిదాలన్నీ నేనే కడుతున్నాను. వడ్డీ మినహాయింపు మొత్తం నేనే కోరుతున్నాను. బ్యాంకు పేరు, చిరునామా, పాన్ నింపిన ఫారం 12బీబీ, రుణ మంజూరు పత్రం, ప్రొవిజనల్ సర్టిఫికెట్, రిజిస్టరైన దస్తావేజు నకలు, స్టాంపు డ్యూటీ రసీదులు, ఆగస్టు దాకా అద్దె రసీదులు దీంతో జతచేశాను. వడ్డీ రేటు మారినా, ముందుగా కొంత అసలు కట్టినా వెంటనే తెలియజేస్తాను.

ఈ నెల జీతాల పట్టిక ఖరారయ్యేలోపు సవరణ చేసి, కొత్త లెక్క షీటు ఒకటి నాకు ఇప్పించగలరు. నా లెక్కలో ఎక్కడైనా తేడా కనిపిస్తే ఫోన్ చేయండి, అదే రోజు వచ్చి కలుస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
కె. రమేశ్
స్టోర్స్ విభాగం