అంతర్గత ఆమోద పత్రం: పేపర్ ట్రేడింగ్‌లో పరీక్షించిన విధానాన్ని 3 లక్షల రూపాయల పరిమితితో అసలు సొమ్ముపై నడిపే ప్రతిపాదన

తేదీ: 18 డిసెంబరు 2025
వీరికి: డైరెక్టర్ గారు, పెట్టుబడుల విభాగం
ప్రతులు: రిస్క్ అధికారి, అకౌంట్స్ విభాగం
నుంచి: ట్రేడింగ్ విధానాల బాధ్యుడు

జూన్ నుంచి నవంబరు వరకు పేపర్ మీద నడిపిన కొనుగోలు విధానాన్ని 2026 జనవరి 5 నుంచి మార్చి 31 వరకు అసలు సొమ్ముతో నడపడానికి అనుమతి కోరుతున్నాను. అడుగుతున్న మొత్తం 3 లక్షల రూపాయలు. ఒక్కో షేరులో 50 వేలకు, ఒకేసారి ఐదు షేర్లకు మించకుండా కొంటాం. మిగతా 50 వేలు ఖాతాలో కదలకుండా ఉంటాయి.

విధానం తమకు తెలిసిందే. నిఫ్టీ 50 షేర్లలో 200 రోజుల సగటుకు పైన ఉంటూ, ఐదు రోజుల కనిష్ఠ ధర దగ్గర ముగిసిన వాటిని ఎంచుకుంటుంది. మరుసటి రోజు ఆ ముగింపు ధరకు ఒక శాతం దిగువన లిమిట్ ఆర్డరు పెడుతుంది. ఐదు రోజుల సగటును దాటగానే, లేదా ఏడో రోజున, మధ్యాహ్నం 3:20కి అమ్మేస్తుంది. అంతా డెలివరీయే. మార్జిన్ లేదు, డెరివేటివ్స్ లేవు.

ఆరు నెలల్లో 96 లావాదేవీలు జరిగాయి. ఒక్కోదానిపై ఖర్చులకు ముందు సగటున 310 రూపాయలు మిగిలింది. అయితే ఈ అంకెను యథాతథంగా ఆమోదించవద్దని నేనే కోరుతున్నాను. ఆర్డర్ల చిట్టాను ఒక్కొక్కటిగా చూస్తే, 19 కొనుగోళ్లలో ఆ రోజు కనిష్ఠ ధర సరిగ్గా మన లిమిట్ ధరే. ధర దాన్ని తాకి వెనక్కి తిరిగింది, కిందికి దిగలేదు. పేపర్ మీద అవి కొన్నట్టే లెక్క. ఎక్స్ఛేంజీలో మాత్రం ఒకే ధర దగ్గర ముందు వచ్చిన ఆర్డరుకే ముందు వంతు. మన వంతు వచ్చేలోపే ధర పైకి వెళ్లిపోయి ఉండవచ్చు. పైగా తాకి వెంటనే ఎగిసినవి కాబట్టి, ఎక్కువ లాభం చూపినవీ అవే. ఆ 19 తీసేస్తే సగటు 255కి దిగుతుంది.

ఇందులోంచి ఖర్చులు పోవాలి. 50 వేల డెలివరీ లావాదేవీలో కొన్నప్పుడు 50, అమ్మినప్పుడు 50 రూపాయలు ఎస్‌టీటీకే పోతాయి. కొనుగోలుపై స్టాంప్ డ్యూటీ ఏడున్నర రూపాయలు. ఎక్స్ఛేంజీ రుసుములు, జీఎస్‌టీ, డీపీ ఛార్జీ కలిపితే మొత్తం సుమారు 125. అమ్మేటప్పుడు ధర జారడం వల్ల 50 పోతుందని పేపర్ లెక్కలో అనుకున్నాం. ఆ లెక్కన చేతిలో మిగిలేది 80. జారుడు 130కి చేరితే ఏమీ మిగలదు.

ఈ విధానం నిలుస్తుందా లేదా అన్నది ఆ 50 నిజమేనా అన్నదానిపైనే ఆధారపడి ఉంది. పేపర్ మీద ఇంకో ఏడాది నడిపినా ఆ జవాబు దొరకదు. అందుకే అనుమతి అడుగుతున్నాను. ఈ మూడు నెలల్లో వచ్చే లాభం కోసం కాదు, అది ఎటూ స్వల్పమే.

నష్టం మాట. పరీక్షించిన కాలంలో మార్కెట్‌లో పెద్ద పతనం రాలేదు, కాబట్టి విధానం గడ్డురోజు చూడలేదు. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. ఐదు షేర్లూ చేతిలో ఉండగా అలాంటి రోజు వస్తే 15 వేల వరకు పోవచ్చు. అందుకే మొత్తం నష్టం 18 వేలకు చేరగానే కొత్త ఆర్డర్లన్నీ ఆగిపోయేలా పెట్టాం. ధర ఒక్కసారిగా కిందికి తెరుచుకుంటే నష్టం అక్కడే ఆగుతుందని హామీ ఇవ్వలేను. దాటకూడని అసలు గీత 3 లక్షలే. అప్పు లేదు కనుక అంతకు మించి బాధ్యత రాదు.

ఆపే అధికారం నా దగ్గర ఉండకూడదు. అది రిస్క్ అధికారికి ఇవ్వాలని కోరుతున్నాను. ఆపడానికి ఆయన నన్ను అడగనక్కరలేదు, కారణం చెప్పనక్కరలేదు. తిరిగి మొదలుపెట్టడానికి మాత్రం తమ సంతకం ఉండాలి. ధరల సమాచారం నిమిషం కంటే పాతదైతే ప్రోగ్రామ్ ఆర్డరు పంపదు. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు మన చిట్టాను బ్రోకరు ఖాతాతో అకౌంట్స్ విభాగం సరిచూస్తుంది. ఒక్క షేరు తేడా వచ్చినా మరుసటి రోజు కొనుగోళ్లు ఉండవు. సెబీ 2025 ఫిబ్రవరి సర్క్యులర్‌కు అనుగుణంగా మన స్థిర ఐపీ చిరునామాను బ్రోకరు దగ్గర నమోదు చేయించాం.

మార్చి 31న చూడాల్సింది రెండు విషయాలు: అమ్మకంలో సగటు జారుడు 80 రూపాయల లోపు ఉందా, ధర మన లిమిట్‌ను తాకి తిరిగిన రోజుల్లో ఎన్నిసార్లు షేర్లు నిజంగా చేతికి వచ్చాయి. మొదటిది తప్పితే విధానాన్ని మూసేస్తాను, ఖాతా లాభంలో ఉన్నా సరే. ఈలోగా పరిమితి పెంచమని అడగను.

ఆమోదమైతే డిసెంబరు 26లోగా సంతకం చేసి అకౌంట్స్ విభాగానికి పంపగోరుతున్నాను. నిధుల బదిలీకి, ఒక్కో షేరుతో ఆర్డరు పంపి చూడటానికి వారికీ నాకూ ఆ వారం కావాలి.