కప్పు మీదేరా బావా, ఒప్పుకుంటున్నా

ఒరేయ్ బావా, రాత్రి నుంచి నువ్వు పంపిన మెసేజ్‌లు ఇప్పుడే లెక్కపెట్టా. ఫైనల్లో మా హైదరాబాద్ వాళ్ళు కొట్టిన ఫోర్ల కంటే అవే ఎక్కువున్నాయి! సరే, ముందు అభినందనలు. 2012, 2014, ఇప్పుడు 2024. మీ కోల్‌కతాకి ఇది మూడో ఐపీఎల్ కప్పు, న్యాయంగా గెలిచారు. 113కి ఆలౌటై, 10.3 ఓవర్లలో మ్యాచ్ అప్పగించాక మేం సాకులు వెతుక్కోం. టాస్ కూడా మేమే గెలిచాం కదా.

అసలు నాకు మ్యాచ్ అయిపోయినట్టు అనిపించింది మొదటి ఓవర్ ఐదో బంతికే. మీ స్టార్క్ వేసిన ఆ బంతి లెగ్ వైపు పడి, ఆఖర్లో బయటికి తిరిగి, మా ఓపెనర్ అభిషేక్ ఆఫ్ స్టంప్ పైభాగాన్ని ఎగరగొట్టింది. దానికి ఎవరున్నా అవుటే. బాధలో ఉండి కూడా రీప్లే మూడుసార్లు చూశాను, అంత అందమైన బంతి. ఆ తర్వాత హెడ్ మొదటి బంతికే వెనక్కి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

కానీ బావా, ఒక్క విషయం గుర్తు చేయనీ. మార్చి 23న ఈడెన్‌లో ఇదే స్టార్క్ మా మీద 4 ఓవర్లలో 53 ఇచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. 19వ ఓవర్లో మా క్లాసెన్, షాబాజ్ కలిసి 26 బాదారు. ఆ రాత్రి "స్టార్క్‌ని కొన్న 24.75 కోట్లు బూడిదలో పోశారు" అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది ఎవరు? ఆఖరి ఓవర్లో 13 కావాల్సినప్పుడు క్లాసెన్ మొదటి బంతినే సిక్స్ కొడితే పది నిమిషాలు నీ ఫోన్ మూగబోయింది కూడా. ఆ రోజు ఆ ఓవర్ వేసిన హర్షిత్ రాణా మిమ్మల్ని కాపాడాడు, 4 పరుగులతో బయటపడ్డారు. కాబట్టి ఇవాళ స్టార్క్‌కి నీ తరఫున ఒక క్షమాపణ బాకీ ఉంది, చెప్పేయ్.

"ప్రతి బంతీ ఊపితే ఇలాగే ఉంటుంది" అన్నావు చూడు, అక్కడ మాత్రం ఒప్పుకోను. ఆ ఊపుడుతోనే బెంగళూరు మీద 287 కొట్టాం, ఢిల్లీ మీద పవర్‌ప్లేలోనే 125 చేశాం, లక్నో ఇచ్చిన 166ని 9.4 ఓవర్లలో ఊదేశాం. ఈ సీజనంతా మా మ్యాచ్ ఉన్న రోజు నువ్వు కూడా టీవీ ముందు నుంచి లేవలేదు. ఒక్క రాత్రి బెడిసికొట్టిందని ఆ ఆటను వదిలేయమంటే ఎలా? వచ్చే ఏడాది కూడా అలాగే ఆడాలని గట్టిగా కోరుకుంటున్నా.

మా కెప్టెన్ కమిన్స్ ఓడిపోయాక నవ్వుతూ మీ వాళ్ళకి చేయి కలిపాడు, నేనూ కలుపుతున్నా. పందెం ప్రకారం వారం రోజులు నా డీపీలో మీ ఊదా జెర్సీ. ఇప్పుడే పెట్టేశా, చూసుకో. ఆదివారం గ్రౌండ్‌కి త్వరగా రా. మొదటి ఓవర్ నువ్వే వెయ్యి, నేను మొదటి బంతి నుంచే ఊపుతా.