జంపఖానాల క్యాటలాగ్ డిజైన్: 5కి 4 స్టార్లు

నాణ్యత 5, గడువు 4, మాటామంతీ 3.

వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాల దుకాణం. దసరా అమ్మకాల కోసం 24 పేజీల క్యాటలాగ్ చేయించుకున్నాం. ఒప్పందం 15,000 రూపాయలు, 12 రోజులు, రెండు సవరణలు.

ముందు పని సంగతి. మా ఎరుపు ఫోన్ తెరమీద ఒకలా, కాగితం మీద ఇటుక రంగులా రావడం మాకు పాత బాధే. ఈ డిజైనర్ మొదటి రోజే నూలు ముక్కలు పంపమన్నారు. ఆరు రంగుల పోగులు అట్టకు అంటించి కొరియర్ చేశాను. నమూనా ప్రింటు పక్కన ఆ పోగులు పెట్టి చూసుకుని మరీ రంగు సరిచేశారు. తెలుగు అక్షరాల దగ్గరా అంతే శ్రద్ధ. మొదటి ప్రతిలో 'కొత్తవాడ'లో త వత్తు విడిపోయి పక్కకు జరిగింది. నేను చెప్పకముందే గమనించి, ఫాంటు మార్చి, అన్ని పేజీలూ మళ్లీ చదివారు. వరంగల్ జంపఖానాలకు జీఐ గుర్తింపు వచ్చిన ఏడాది 2016 అని నేను రాసిచ్చాను. అది 2018 అని పట్టుకున్నదీ ఆయనే! డిజైన్ చేసేవారు ఇచ్చిన మాటర్‌ను చదవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

ఇక గడువు. ఫైళ్లు 18వ రోజున అందాయి. ఆరు రోజుల ఆలస్యమంతా ఆయన ఖాతాలో వేస్తే అన్యాయం. కొలతలు, ధరల పట్టిక నేనే రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాను. ఒప్పందంలో లేని మూడో సవరణ అడిగింది కూడా నేనే, దానికో రోజు. మిగిలినవి మూడు రోజులు. అందుకే ఒక్క స్టారే తగ్గించాను.

ఆ మూడు రోజులూ ఫోను ఎత్తలేదు, సందేశానికి జవాబు లేదు. ఇంట్లో ఒకరిని ఆసుపత్రిలో చేర్చారని తర్వాత తెలిసింది. కష్టం ఎవరికైనా వస్తుంది, దానికి నేను మార్కులు కోయను. కానీ 'రెండు రోజులు ఆగండి' అని ఒక్క ముక్క పంపి ఉంటే హనుమకొండలోని ప్రెస్సు వాళ్లకు ముందే చెప్పుకునేవాణ్ని. మా వంతు వేరే పనికి వెళ్లిపోయింది, క్యాటలాగ్ బతుకమ్మ మొదలయ్యాక గానీ చేతికి రాలేదు. రెండు స్టార్లు అక్కడే పోయాయి. మిగతా రోజుల్లో మాత్రం ఏది అడిగినా ఓపికగా, అర్థమయ్యేలా చెప్పారు. లేకుంటే ఇంకొకటి తగ్గేది.

మిగిలిన 5,000 ఫైళ్లు అందిన రోజే పంపేశాను. సంక్రాంతి డిజైన్లు కూడా ఈయనకే ఇస్తాను. ఈసారి గడువు ప్రెస్సు తేదీకి పది రోజుల ముందు పెట్టుకుంటాను, అత్యవసరానికి ఇంకో ఫోను నంబరు కూడా అడిగి తీసుకుంటాను.