ఆపరేషన్స్ రీసెర్చ్: పరీక్ష ముందు వారం ప్లాన్

పరీక్ష వచ్చే సోమవారం ఉదయం 10 గంటలకు.

సోమ, మంగళ: లీనియర్ ప్రోగ్రామింగ్. గ్రాఫ్ పద్ధతి గంటలో ముగించాలి, మిగతా టైం అంతా సింప్లెక్స్‌కే. రోజూ రెండు లెక్కలు పుస్తకం మూసి, పూర్తి టేబుళ్లతో చేయాలి. డ్యుయల్ మంగళవారం రాత్రి.

బుధ: ట్రాన్స్‌పోర్టేషన్. నాకు ఎక్కువ టెన్షన్ దీనితోనే, అందుకే రోజంతా. ముందు సప్లై, డిమాండ్ మొత్తాలు చూడాలి. సమానంగా లేకపోతే డమ్మీ. వోగెల్‌తో మొదటి పరిష్కారం, మోడీతో ఆప్టిమల్ అవునో కాదో. 3 ఫ్యాక్టరీలు, 4 గోడౌన్లు ఉంటే నిండిన గడులు 3+4−1 = 6 ఉండాలి. 5 వస్తే డీజనరసీ: లూప్ ఏర్పడని ఖాళీ గడిలో ఎప్సిలాన్ పెట్టాలి.

గురు: అసైన్‌మెంట్, సాయంత్రం గేమ్ థియరీ. శాడిల్ పాయింట్ ఉందేమో ముందు వెతకాలి.

శుక్ర: సీపీఎం, పెర్ట్. te = (to + 4tm + tp)/6. అంచనాలు 2, 5, 14 రోజులైతే te = 6, వేరియన్స్ 4. నెట్‌వర్క్ పెన్సిల్‌తోనే గీయాలి.

శని: ఉదయం క్యూయింగ్ సూత్రాలు. మధ్యాహ్నం పాత ప్రశ్నపత్రం, 3 గంటలు టైం పెట్టుకుని.

ఆది: నిన్నటి తప్పులు మాత్రమే, కొత్త చాప్టర్ తెరవకూడదు. కాలిక్యులేటర్, స్కేలు, హాల్ టికెట్ రాత్రే బ్యాగులో పెట్టాలి.