ఖండాలు కదిలాయని ఎందుకు ఒప్పుకున్నారు: ఒంగోలు ప్రసంగం తర్వాత ప్రశ్నలు

(ఒంగోలులోని ఒక డిగ్రీ కాలేజీలో సైన్సు చరిత్రపై రిటైరైన జియాలజీ లెక్చరర్ ఒకరు మాట్లాడాక సభలోంచి వచ్చిన ప్రశ్నలు, ఆమె జవాబులు.)

బీఎస్సీ విద్యార్థిని: మేడమ్, ఖండాలు కదిలాయని జర్మన్ శాస్త్రవేత్త వెజెనర్ 1912లోనే చెప్పాడు. శిలాజాలు, తీరరేఖలు అన్నీ చూపించాడు. మరి యాభై ఏళ్లు ఎందుకు ఒప్పుకోలేదు? మొండితనమేనా?

కొంత మొండితనం ఉందమ్మా. కానీ తప్పంతా దానిమీదికే నెడితే అన్యాయం. గ్లోసోప్టెరిస్ ఆకు శిలాజాలు ఇండియాలో, దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో దొరికాయి. ఖండాలు కలిసి ఉండేవని వెజెనర్ అన్నాడు. మధ్యలో నేల వంతెనలు ఉండేవి, అవి సముద్రంలో మునిగిపోయాయని అవతలివాళ్లు అన్నారు. ఒకే ఆకుకు ఇద్దరి దగ్గరా జవాబు ఉన్నప్పుడు ఆ ఆకు తగువు తీర్చలేదు.

నన్నడిగితే వెజెనర్ బలమైన వాదన శిలాజాలది కాదు. ఖండాల రాయి సముద్రపు అడుగు రాయి కన్నా తేలిక. అంత పెద్ద నేల మునిగి అడుగున పడి ఉండడం కుదరదు. గురుత్వ కొలతలు ఈ మాటే చెబుతున్నా పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆయన బలహీనతా చూడాలి. ఖండాలను నెట్టడానికి ఆయన చెప్పిన శక్తులు ఏ మూలకూ చాలవని బ్రిటిష్ భూభౌతిక శాస్త్రవేత్త జెఫ్రీస్ లెక్కగట్టాడు. ఆ లెక్క సరైనదే. గ్రీన్‌లాండ్ ఏటా మీటర్ల కొద్దీ జరుగుతోందని వెజెనర్ అన్నాడు, అది తప్పు. కాబట్టి ఎదురు చెప్పినవాళ్లంతా మూర్ఖులు అనకండి.

రిటైరైన సోషల్ మాస్టారు: భూమి చల్లారి ముడతలు పడితే పర్వతాలు వచ్చాయని మా పాత పుస్తకాల్లో ఉండేదమ్మా. అది ఎలా పోయింది?

రేడియోధార్మికతతో, మాస్టారూ. రాళ్లలోనే వేడి పుడుతోందని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తేలాక, భూమి నికరంగా చల్లారుతూ కుంచించుకుపోతోందన్న లెక్కకు ఆధారం పోయింది. అయినా పాత పుస్తకాలు చాలాకాలం నడిచాయి.

ఇంకో విద్యార్థి: మరి తిప్పేసిన ఆధారం ఒక్కటి చెప్పమంటే?

ఒక్కటే అంటే 1966 నాటి ఎల్టానిన్-19 రికార్డు, అంటే ఎల్టానిన్ అనే ఓడ సముద్రం మీద తిరుగుతూ తీసిన అయస్కాంత కొలతల గీత. దానికి ముందు మూడేళ్ల కథ ఉంది. లావా చల్లారేటప్పుడు అప్పటి భూ అయస్కాంత దిశ అందులో నిలిచిపోతుంది. ఆ దిశ అప్పుడప్పుడూ తలకిందులవుతుంది. సముద్రపు అడుగు మధ్యలో చీలి కొత్త నేల పుడుతూ ఉంటే, ఆ మార్పులు రెండు వైపులా చారలుగా ఉండాలి. 1963లో వైన్, మాథ్యూస్ ఇది రాశారు. వాళ్ల కొలతలు మన హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ అనే సముద్రపు అడుగు కొండల వరసవే! అదే ఆలోచనను కెనడాలో మోర్లే కూడా రాసి పంపితే పత్రికలు తిప్పి పంపేశాయి. అచ్చయినా పెద్దగా ఎవరూ కదల్లేదు. చారలు స్పష్టంగా లేవు, ఏ మార్పు ఎప్పుడు జరిగిందన్న పట్టికా పూర్తి కాలేదు.

తర్వాత దక్షిణ పసిఫిక్‌లో ఎల్టానిన్ ఓడ తీసిన గీత వచ్చింది. కాగితాన్ని రిడ్జ్ దగ్గర మడిస్తే ఎడమ పక్క ఎత్తుపల్లాలు కుడి పక్కవాటి మీద చక్కగా కూర్చుంటాయి. అది చూసింది ఎవరు? ఖండాల కదలికను ఎక్కువమంది నమ్మని, అమెరికాలోని లామాంట్ పరిశోధన సంస్థలోని పిట్‌మన్. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇది: నేల మీది లావాల వయసుతో కాక్స్ బృందం వేసిన పట్టిక, సముద్రపు మట్టి పొరల్లో ఓప్‌డైక్ చూసిన వరస, ఈ చారలు, మూడూ కలిశాయి. మూడూ వేరువేరు పనులు, ఒకదాన్ని చూసి ఒకటి దిద్దినవి కావు.

ఇంకోటి కూడా కలపండి. రిడ్జ్‌ను అడ్డంగా కోసే భ్రంశాల్లో, అంటే నేల జారే పగుళ్లలో, కదలిక పైకి కనిపించే దిశకు వ్యతిరేకంగా ఉంటుందని 1965లో విల్సన్ ముందే చెప్పాడు. 1967లో సైక్స్ భూకంపాల రికార్డులు తీసి చూస్తే అలాగే ఉంది. వంతెనల వాదం ఇలాంటిది ముందుగా ఏదీ చెప్పలేకపోయింది.

అదే విద్యార్థి: మరి నెట్టే శక్తి అప్పటికి తెలిసిందా?

పూర్తిగా తెలియలేదు. కదలిక రుజువైంది, కారణం మీద పని తర్వాతా సాగింది. జెఫ్రీస్ 1989లో చనిపోయేదాకా ఒప్పుకోలేదు.

గ్రానైట్ క్వారీ సూపర్‌వైజర్: మేడమ్, మా చీమకుర్తి రాయి అంటార్కిటికాలో కూడా ఉంటుందంటారు. అది సాక్ష్యం కాదా?

మంచి ప్రశ్నండీ. తూర్పు కనుమల్లో విశాఖ వైపు శిలలు, తూర్పు అంటార్కిటికాలోని రేనర్ శిలలు వేడికీ ఒత్తిడికీ రాయి మారిపోయే రూపాంతరం ఒకటే చూపిస్తాయి, అది దాదాపు 90–100 కోట్ల ఏళ్ల నాటిది. ఆ రెండు నేలలూ సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం విడిపోయాయి. ఒంగోలు వైపు రాళ్ల చరిత్ర ఇంకా పాతది, దాదాపు 160 కోట్ల ఏళ్లది. అందుకని చీమకుర్తి పేరు అందులో కలపకండి. పైగా ఈ పోలికలు వివరంగా తేలింది సిద్ధాంతం నిలబడ్డాకే. మన దేశం నుంచి ముందే వెళ్లిన సాక్ష్యం కావాలంటే దక్కన్ లావాలు ఉన్నాయి. అవి చల్లారినప్పుడు ఇండియా భూమధ్యరేఖకు దక్షిణాన ఉందని వాటి అయస్కాంత దిశను బట్టి 1950ల్లోనే లెక్కగట్టారు.