సోమవారం కూరల పెట్టె: కార్తీకానికి పేర్లు రాసుకుంటున్నాను

అందరికీ నమస్కారం. బరంపురం గాంధీనగర్‌లో మా మేడ మీద, పక్కనే మా ఆడపడుచు వాళ్ల మేడ మీద పండిన కూరగాయలను రెండేళ్లుగా వారం వారం పెట్టెల్లో ఇస్తున్న సంగతి మీలో కొందరికి తెలుసు. ఇప్పుడు పన్నెండు ఇళ్లకు వెళ్తున్నాయి. కార్తీకం కోసం ఈసారి నలభై సంచులు ఎక్కువ నాటాను కాబట్టి ఇంకో ఆరిళ్లకు ఇవ్వగలను. అంతకుమించి మాట ఇవ్వలేను.

కార్తీకమంటే మన ఊళ్లో నెల కాదు కదండీ, నెలన్నర. ఒడియావారికి కుమార పున్నమి మర్నాడే మొదలు, మనకు దీపావళి వెళ్లాక. వాళ్లది కార్తీక పున్నమికి ముగుస్తుంది, మనది అమావాస్య దాకా నడుస్తుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లాటు ఆగేసరికి పై ఫ్లాటు సగంలో ఉంటుంది. నిరుడు ఇది లెక్క వేసుకోక, పున్నమి ముందరి పంచుక ఐదు రోజుల్లో ఆనపకాయ అడిగిన వాళ్లకు ఇవ్వలేకపోయాను. కొంగ కూడా చేప ముట్టదంటారు ఆ రోజుల్లో, ఇంక మనుషుల మాట చెప్పాలా! అందుకే ఈ ఏడు ఆనప, బీర మూడు విడతలుగా విత్తాను.

పెట్టెలో రెండున్నర కిలోల కాయలు, మూడు కట్టల ఆకుకూర, గుప్పెడు కరివేపాకు, పచ్చిమిర్చి ఉంటాయి. ఇప్పుడు దిగుతున్నవి ఆనప, బీర, బెండ, వంకాయ, కాకర, తోటకూర, బచ్చలి, గోంగూర. చిక్కుడు, పాలకూర, ముల్లంగి రావడానికి ఇంకో నెల పడుతుంది. టమాటా డిసెంబరులోనే. హబిష చేసే ఇళ్లకు వంకాయ, టమాటా పనికిరావు, పైగా ఇంటింటికీ నియమం వేరు. ముందే చెబితే వాటి బదులు చేమదుంపలు, పెరటి అరటికాయలు పెడతాను. కాలీఫ్లవర్ మాత్రం అడగకండి, సంచి మొత్తానికి ఒక్క పువ్వు, అదీ రెండున్నర నెలలకు.

ఉల్లి, బంగాళాదుంప ఉండవు. తక్కువైతే బజారులో కొని నింపడం కూడా ఉండదు. పోయిన ఆగస్టులో వరసగా వానలు పడి బెండ మొదళ్లు కుళ్లాయి, పెట్టె కిలోన్నరకు పడిపోయింది. "మార్కెట్ నుంచి రెండు కాయలు వేసేస్తే ఎవరికి తెలుస్తుందమ్మా" అన్నారొకావిడ, నా మీద అభిమానంతోనే. నాకు తెలుస్తుంది కదండీ. ఆ వారం తగ్గిన తూకానికి డబ్బు తిరిగి ఇచ్చేశాను, ఇకముందూ అంతే.

ఆర్గానిక్ అన్న ముద్ర నా పెట్టె మీద ఉండదు, నాకు సర్టిఫికెట్ లేదు. ఏం వేస్తానో చెబుతాను: ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, వేపపిండి. ఇరవై లీటర్ల డ్రమ్ములో కిలో ఆవు పేడ, లీటరు పంచితం, పావుకిలోకి తక్కువగా బెల్లం, అంతే శనగపిండి, గుప్పెడు మట్టి వేసి కలిపిన జీవామృతం పదిహేను రోజులకోసారి. పేనుబంక పడితే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు. వంకాయలో పురుగుకు ఇవేవీ పూర్తిగా పనిచేయవు, నిజం. పుచ్చు కనిపిస్తే ఆ కాయ ఫోటో పంపండి, మరుసటి వారం రెండిస్తాను. నమ్మకం కుదరకపోతే ఏ ఆదివారమైనా సాయంత్రం మేడెక్కి చూడండి. ఆనప పువ్వు సాయంత్రమే విచ్చుతుంది, మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు అద్దే పని మీ పిల్లలకు అప్పగిస్తాను.

వారానికి 220 రూపాయలు, నాలుగు వారాలకు 880 ముందుగా. కాయలు ఆదివారం సాయంత్రం, ఆకుకూరలు సోమవారం తెల్లవారుజామున కోసి, ఎనిమిదిలోపు మీ గేటు దగ్గర ఇస్తాను. గాంధీనగర్, కోర్టుపేట, లంజిపల్లి వరకే, స్కూటీ మీద అంతకన్నా తిరగలేను. పాత పెట్టె ఖాళీ చేసి వాచ్‌మన్ దగ్గర ఉంచండి. పోయినసారి ఒక పెట్టె చెప్పుల స్టాండుగా కనిపించింది, పేరు చెప్పను.

అక్టోబరు అంటే మన గంజాంలో భయమే. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ ఈ నెలలోనే వచ్చాయి. తుఫాను కబురు వస్తే పందిరి విప్పి సంచులు గోడవారకు చేర్చేస్తాను. ఆ వారం పెట్టె రాదు, డబ్బు తర్వాతి వారానికి జమ.

కావలసినవారు పేరు, ఫ్లాట్ నంబరు, ఇంట్లో తినని కూరలు రాసి గురువారంలోగా వాట్సాప్ చేయండి, నంబరు మీ వాచ్‌మన్ దగ్గర ఉంది. ముందు రాసినవారికి ముందు. గోంగూర ఎక్కువ కావాలన్నవాళ్లు ఇప్పటికే ముగ్గురయ్యారు.