అడగందే అమ్మైనా పెట్టదు, మరి చీమ చెబుతుందా?

పర్లాకిమిడి సైన్స్ ఫెయిర్‌కి వచ్చినవాళ్లందరూ ఇక్కడ కాసేపు ఆగండి. ఈ గోడ మీద సామెతల్లో కొన్ని అమ్మమ్మలవి, ఎక్కువ మా ఎనిమిదో తరగతివి. ఊరికే చదివి వెళ్లిపోకండి, మమ్మల్ని ఏదో ఒకటి అడగండి.

అవునన్నవాడు అక్కడే ఆగాడు, ఎందుకన్నవాడు ఏరు దాటాడు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు?
ఇది పాత సామెతే కానీ మేం నిజం ప్రశ్నలాగే పట్టుకున్నాం. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, కోసేదాకా కణాల్లో దాగి ఉంటాయి, కోయగానే బయటపడి మన చర్మంలో గుచ్చుకుంటాయి, అందుకే దురద కందకూ లేదు, కత్తిపీటకూ లేదు, మొత్తం మన చేతికే! ఇంట్లో కందను చింతపండు వేసి పులుసు పెట్టేది రుచికే అనుకున్నాం, దురద తగ్గించడానికి కూడానట. సీసాలో ఉన్న ముక్కను చూడండి, ముట్టుకోవద్దు.

పుస్తకాన్ని అడిగితే మార్కు, చీమని అడిగితే మర్మం.
చీమల బారుకి అడ్డంగా వేలితో ఒక్కసారి గట్టిగా తుడవండి. ముందున్న చీమ ఆగి, మీసాలు ఊపి, అటూ ఇటూ వెతుకుతుంది. అవి నేల మీద వాసన దారి వేసుకుంటాయి, మీరు చెరిపింది దాన్నే.

సముద్రం నీలమని అందరూ చూశారు, ఎందుకని ఒకాయన అడిగారు.
గోపాల్‌పూర్ పిక్నిక్‌లో మనమూ చూశాం. 1921లో ఓడలో వస్తూ సి.వి. రామన్‌గారు, ఆకాశం నీడ పడి నీలంగా ఉంది అన్న మాటను అలాగే ఒప్పుకోలేదు. నికోల్ పట్టకంతో నీటి మీది ఆకాశపు మెరుపును తీసేసి చూస్తే నీళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి! ఆ ప్రశ్నను వదలకుండా వెళ్లి 1928 ఫిబ్రవరి 28న, చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందని చెప్పే రామన్ ఎఫెక్ట్ దగ్గర తేలారు, 1930లో నోబెల్ వచ్చింది.

పరికరం లేదనకు, ప్రశ్న ఉందా చెప్పు.
ఖండపడాకు చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు పఠాణి సామంత వెదురుతోనూ కర్రతోనూ చేసుకున్న పరికరాలతో ఆకాశాన్ని కొలిచారు.

తెలియదంటే తలుపు తీసినట్టు, తెలుసులే అంటే గడియ వేసినట్టు.

భాష రాదని బెంగపడకు, "దీన్నేమంటారు?" అంటే చాలు.
మన ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర మాట్లాడేవాళ్లను అడిగి అడిగి ఆ భాష నేర్చుకుని నిఘంటువే తయారుచేశారు. మన బెంచీలో సవర దోస్తు ఉంటే ఇవాళే ఒక్క మాట అడగండి.

బల్ల చివర చాక్‌పీస్ డబ్బా ఉంది. మీ ప్రశ్న చీటీ మీద తెలుగులోనో, ఒడియాలోనో, సవరలోనో రాసి వేయండి. శనివారం సాయంత్రం డబ్బా తెరుస్తాం, మాలో ఎవరికీ జవాబు తెలియని చీటీనే ముందు చదువుతాం.